పద్నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌ల చిక్కు: రాయగడ ఘాట్ తెల్లరాయి ఎక్స్‌ఆర్‌డీ డైరీ

సోమవారం: రాయి, ప్రశ్న

రాయగడ నుంచి కొరాపుట్ వైపు వెళ్లే ఘాట్‌లో రోడ్డు కోసం కొండను కోసిన చోట మూడు పొరలు కనిపిస్తాయి. పైన ఎర్రటి లేటరైట్, అడుగున గట్టి ఖొండలైట్, ఈ రెంటి మధ్య మెత్తటి తెల్లటి పొర. ఆ తెల్లరాయిలో పాతరాయి చారలు అలాగే ఉంటాయి కానీ వేలితో నొక్కితే పిండిలా రాలుతుంది. వానాకాలంలో కోత జారేది ఈ పొర దగ్గరే. అందుకే ప్రశ్నను ఇలా పెట్టుకున్నాం: ఈ తెల్లపొరలో నీరు పీల్చి ఉబ్బే బంకమన్ను, అంటే స్మెక్టైట్, ఉందా? లేక అంతా ఉబ్బని కెయొలినైటేనా?

ఎక్స్‌ఆర్‌డీ పరికరం ఖనిజాల్లో పొరల మధ్య దూరాన్ని ఎక్స్‌రేలతో కొలుస్తుంది, ఆంగ్‌స్ట్రామ్‌లలో, అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతులలో. ఆ పరికరం ఎక్కించే ముందే అనుమానితుల జాబితా రాసుకోవాలి. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ చెప్పిన ప్రతి పేరూ నిజమే అనిపిస్తుంది. తాజా ఖొండలైట్‌లో క్వార్ట్జ్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ ఉంటాయి. చాలాచోట్ల గ్రాఫైట్ రేకులు, కొంత బయొటైట్ అభ్రకం కూడా దొరుకుతాయి. వానలకు నానీ నానీ ఫెల్డ్‌స్పార్ కెయొలినైట్ అవుతుంది, గార్నెట్‌లోని ఇనుము గోథైట్‌గా మారి మరకలు పెడుతుంది. సిలికా ఇంకా కొట్టుకుపోతే గిబ్‌సైట్ మిగులుతుంది. కొరాపుట్ జిల్లాలోని పంచపట్‌మాలి కొండ మీద బాక్సైట్ ఏర్పడింది ఈ దారిలోనే. క్వార్ట్జ్, సిల్లిమనైట్, గ్రాఫైట్ మాత్రం మొండివి, చివరిదాకా మిగులుతాయి. కాబట్టి పాత ఖనిజాలూ కొత్త ఖనిజాలూ ఒకే పొడిలో కలిసి వస్తాయి.

నమూనా తీసేటప్పుడు పైన అరచేయంత మందం గీకి పారేశాం. వాన పైనుంచి దింపిన ఎర్రమట్టి ఆ చర్మంలోనే పేరుకుంటుంది. తెల్లపొర నుంచి రెండు కిలోలు ఒక సంచిలోకి, పగుళ్లలో పేరుకున్న గోధుమరంగు బంక కొంచెం వేరే సంచిలోకి తీశాం. ఇవికాక తెల్లపొర నుంచి పిడికెడు ముద్దను తడి ఆరకుండా ప్లాస్టిక్ కవరులో మూసి పెట్టాలి. హాల్లోయ్‌సైట్ అనే ఖనిజంలో పొరల మధ్య దూరం తడిగా ఉన్నప్పుడు 10 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కనిపిస్తుంది. ఒక్కసారి ఆరిందంటే 7 ఆంగ్‌స్ట్రామ్‌లకు దిగి కెయొలినైట్ వేషం కడుతుంది, మళ్లీ నీళ్లు పోసినా వెనక్కి రాదు. అందుకే ఏ నమూనానూ 110 డిగ్రీల ఓవెన్‌లో పెట్టలేదు. నీడలో ఆరబెట్టి, చివర్లో 40 డిగ్రీల వేడి ఇచ్చాం, అంతే.

మంగళవారం: పొడి

ఇక్కడే పని రెండు దారులు పడుతుంది, చాలామంది ఇక్కడే కలిపేస్తారు. మొత్తం రాయి ఖనిజాలు చూడటానికి బాగా నూరిన పొడి కావాలి. బంకభాగం విడదీయడానికి మాత్రం నూరకూడదు. నూరితే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కూడా 2 మైక్రాన్ల లోపు పిండి అయిపోయి బంకతోపాటు తేలుతాయి, అప్పుడు బంకభాగం అన్న మాటకే అర్థం ఉండదు. అందుకని రాయిని చెక్క సుత్తితో 2 మిల్లీమీటర్ల జల్లెడ దిగేదాకా మాత్రమే చితక్కొట్టి, కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలుపుతూ తగ్గించుకుంటూ వచ్చాం. వంద గ్రాములు బంక కోసం పక్కన పెట్టి, ఇరవై గ్రాములు నూరడానికి తీసుకున్నాం.

నూరడం అగేట్ కల్వంలో, ఒక్కో విడతకు మూడు గ్రాములు, ఇథనాల్ పోసి తడిగా. పొడిగా నూరితే వేడికీ ఒత్తిడికీ కెయొలినైట్ రేకులు చెదిరిపోతాయి, స్కాన్ గీతలో దాని శిఖరం, అంటే పీక్, వెడల్పై కుంగుతుంది. ఉక్కు మిల్లు వాడితే నమూనాలో ఇనుము చేరుతుంది. కావలసిన నునుపు 10 మైక్రాన్ల లోపు. 63 మైక్రాన్ల జల్లెడ దిగింది కదా అని ఆగిపోతే చాలదు. ఎక్స్‌రే పడే చోట గింజలు తక్కువైతే ఏ గింజ ఎటు తిరిగి ఉందన్న అదృష్టం మీద పీక్ ఎత్తు ఆధారపడుతుంది. దీన్ని కనిపెట్టే పరీక్ష తేలిక: అదే పొడిని హోల్డర్‌లోంచి తీసి మళ్లీ నింపి, క్వార్ట్జ్ పెద్ద పీక్‌ను మూడుసార్లు కొలవాలి. ఎత్తు పదిశాతానికి మించి ఊగుతుంటే ఇంకా నూరాలి.

జల్లెడ మీద మిగిలిన గరుకును పారేయకూడదు. ఈ రాయిలో ఆ గరుకే గార్నెట్, సిల్లిమనైట్. దాన్ని విడిగా నూరి మొత్తం పొడిలో తిరిగి కలపాలి. పారేస్తే గట్టి ఖనిజాలు లేవని రిపోర్టు వస్తుంది, ఎక్స్‌రే తప్పేమీ లేకుండానే.

గురువారం: మొత్తం పొడి స్కాన్

పరికరం రాగి ట్యూబుది, తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు. పొడిని హోల్డర్ వెనుకవైపు నుంచి నింపాం. ముందు గాజుపలక అడ్డం పెట్టి, వెనుక నుంచి పొడి పోసి, మెల్లగా అదిమి, తిప్పి గాజు తీసేయడం. ముందునుంచి పోసి బ్లేడుతో చదును చేస్తే కెయొలినైట్ రేకులన్నీ పడుకుంటాయి, 7 ఆంగ్‌స్ట్రామ్‌ల పీక్ ఉన్నదానికన్నా ఎంతో పెద్దగా లేస్తుంది. స్కాన్ 5 నుంచి 70 డిగ్రీల 2θ వరకు, అడుగు 0.02 డిగ్రీలు, అడుగుకు ఒక సెకను.

పరికరం ఇచ్చేది కోణం, మనకు కావలసింది పొరల మధ్య దూరం. రెంటికీ ముడి బ్రాగ్ సూత్రం, nλ = 2d sinθ. కోణం రెండింతలుగా రాస్తారు కాబట్టి సగం చేసి లెక్కించాలి. చేతిలెక్కలో ఎక్కువమంది జారేది అక్కడే.

```python
from math import sin, radians

def d(tt, lam=1.5406):
    return lam / (2 * sin(radians(tt / 2)))

for tt in (6.22, 12.35, 20.86, 26.64):
    print(tt, round(d(tt), 2))
```

ఈ నాలుగు కోణాలకూ వరుసగా 14.2, 7.16, 4.25, 3.34 వస్తాయి.

మొదట చేయవలసింది ఖనిజాలు వెతకడం కాదు, స్కాన్ పక్కకు జరిగిందేమో చూడటం. హోల్డర్‌లో పొడి ఉపరితలం 0.1 మిల్లీమీటరు ఎత్తుగానో దిగువగానో ఉంటే, 240 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పరికరంలో పీకులు దాదాపు 0.05 డిగ్రీలు పక్కకు పోతాయి. క్వార్ట్జ్ ఉన్న నమూనాలో దీనికి మందు నమూనాలోనే ఉంది. క్వార్ట్జ్ పెద్ద పీక్ 26.64 దగ్గర ఉండాలి. మాది 26.69 దగ్గర వచ్చింది. మిగతా క్వార్ట్జ్ పీకులు కూడా అటే, అంతే జరిగాయి కాబట్టి స్కాన్ మొత్తానికి ఎత్తు సవరణ చేశాం. సవరించాక 20.86, 36.54, 50.14 అన్నీ చోట్లోకి వచ్చాయి.

తర్వాత తేలినవి: 12.35, 24.85 దగ్గర కెయొలినైట్. 27.5 దగ్గర కొద్దిగా పొటాష్ ఫెల్డ్‌స్పార్, అంటే కుళ్లడం ఇంకా పూర్తికాలేదు. 26.0 దగ్గర క్వార్ట్జ్ పీక్ ఎడమ భుజాన నిలబడ్డ చిన్న పీక్ సిల్లిమనైట్‌ది. దీన్ని ఒక్కదాన్నే నమ్మకుండా 16.5 దగ్గర దాని తోడు పీక్ కూడా చూసుకున్నాం. గార్నెట్ పెద్ద పీక్ రావలసిన 34.8 దగ్గర స్కాన్ నేలగీత చదునుగా ఉంది, అది దాదాపు కరిగిపోయింది. 18.28 దగ్గర గిబ్‌సైట్ చిన్నగా, 21.24 దగ్గర గోథైట్ వెడల్పుగా ఉన్నాయి. గోథైట్‌ను 21.24 ఒక్కదానితో ఒప్పుకోవద్దు, కెయొలినైట్ చిన్న పీకుల్లో ఒకటి సరిగ్గా అక్కడే పడుతుంది. 33.2 దగ్గర కూడా లేచింది కాబట్టే రాసుకున్నాం.

గ్రాఫైట్ సంగతి విడిగా చెప్పాలి, ఖొండలైట్‌లో ఇది అసలైన ఉచ్చు. గ్రాఫైట్ పెద్ద పీక్ 26.5 ప్రాంతంలో, క్వార్ట్జ్ 26.64 దగ్గర. క్వార్ట్జ్ బలంగా ఉంటే గ్రాఫైట్ దాని నీడలో మాయమైపోతుంది. బయటపెట్టేది నిష్పత్తి. సరిగ్గా నూరి, రేకులు పడుకోకుండా నింపిన క్వార్ట్జ్‌లో 20.86 పీక్ ఎత్తు 26.64 పీక్ ఎత్తులో సుమారు ఐదోవంతు ఉంటుంది. అది బాగా తగ్గి, పెద్ద పీక్ ఎడమవైపు బరువుగా కనిపిస్తే అక్కడ ఇంకొకరున్నట్టే. మాకు నిష్పత్తి ఐదోవంతు దగ్గరే వచ్చింది. దానర్థం గ్రాఫైట్ అసలు లేదని కాదు, ఈ పద్ధతికి దొరికేంత లేదని. చేతి అద్దంతో చూస్తే నల్లటి మెరుపు రేకులు అక్కడక్కడా కనబడుతూనే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ వెతుకులాటలో క్వార్ట్జ్ పక్కనే బెర్లినైట్ అనే అల్యూమినియం ఫాస్ఫేట్ కూడా మంచి మార్కులతో వచ్చింది. దాని అమరిక క్వార్ట్జ్ అమరికే, పీకులు దాదాపు ఒకటే. ఇలాంటి చోట తీర్పు చెప్పాల్సింది రాతి పుట్టుక, మార్కులు కాదు. జాబితాలోంచి కొట్టేశాం.

పీక్ ఎత్తును పరిమాణంగా చదవడం ఇంకో పెద్ద తప్పు. సమాన బరువులో కలిపినా క్వార్ట్జ్ పీక్ కెయొలినైట్ పీక్ కన్నా మూడు రెట్లకు పైగా ఎత్తు ఉంటుంది. ఉదాహరణకు క్వార్ట్జ్ ఎత్తు 3000, కెయొలినైట్ ఎత్తు 1500 అనుకోండి. గ్రాఫు చూసినవారు క్వార్ట్జ్ రెట్టింపని అంటారు. ఒక్కో ఖనిజం బలాన్ని లెక్కలోకి తెచ్చి క్వార్ట్జ్‌ను 3.4తో, కెయొలినైట్‌ను 1తో భాగిస్తే 880, 1500 వస్తాయి, అంటే ఎక్కువున్నది కెయొలినైట్. ఈ లెక్క కూడా రేకులు పడుకోలేదన్న షరతు మీదే నిలుస్తుంది. అందుకే మా కాగితంలో శాతాలు రాయలేదు, ఎక్కువ, మధ్యస్థం, కొద్ది అనే మూడు మాటలతో సరిపెట్టాం.

స్కాన్ నేలగీత మొత్తం ఎత్తుగా ఉండటం కూడా కనిపించింది. రాగి ఎక్స్‌రే ఇనుమును తాకితే ఇనుము తన సొంత ఎక్స్‌రే విసురుతుంది, అదే ఆ ఎత్తు. డిటెక్టర్‌లో శక్తి కిటికీ ఇరుకు చేస్తే చాలావరకు తగ్గింది. తగ్గించాకే 6.2 డిగ్రీల దగ్గర ఒక చిన్న గుబ్బ బయటపడింది. 14.2 ఆంగ్‌స్ట్రామ్‌లు. అసలు చిక్కు ఇదే.

మళ్లీ సోమవారం: బంకభాగం విడదీయడం

14 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర నిలబడగలిగే ఖనిజాలు కనీసం నాలుగు: స్మెక్టైట్, వెర్మికులైట్, క్లోరైట్, ఇంకా వెర్మికులైట్ పొరల మధ్య అల్యూమినియం హైడ్రాక్సైడ్ దూరి కూర్చున్న రకం. ఒక్క స్కాన్‌తో వీటిని విడదీయడం కుదరదు. కదిలించి చూడాలి: గ్లైకాల్ ఇస్తే ఎవరు ఉబ్బుతారు, పొటాషియం ఇస్తే ఎవరు ముడుచుకుంటారు, కాలిస్తే ఎవరు మిగులుతారు. దానికి బంకను శుభ్రంగా విడదీయాలి.

పక్కన పెట్టిన వంద గ్రాముల్లోంచి ఇరవై గ్రాములు లీటరు డీఅయనైజ్డ్ నీళ్లలో నానబెట్టి, రాత్రంతా ఉంచి, మెల్లగా కలిపాం. ఊళ్లో బ్యాటరీ షాపులో అమ్మే నీళ్లు ఈ పనికి సరిపోతాయి కానీ ప్రతి డబ్బాలోంచీ కొంచెం తీసి సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూడాలి. తెల్లగా మసకబారితే ఆ డబ్బాలో క్లోరైడ్ ఉంది, వాడొద్దు.

మొదటిసారి కలిపిన నీళ్లు గంటలోపే తేటబడిపోయాయి. బంక తేలకుండా దూదిపింజల్లా గుంపుకట్టి దిగింది. లేటరైట్ కింది మట్టిలో ఇది మామూలే. ఇనుప ఆక్సైడ్లు బంకరేకులకు జిగురులా పనిచేస్తాయి, కరిగిన లవణాలు కూడా తోడవుతాయి. పైనీరు పారబోసి కొత్తనీరు పోయడం కొన్నిసార్లు చేసి, చివరికి కొద్దిగా సోడియం కార్బొనేట్ వేస్తే నీళ్లు పాలలా నిలిచాయి. గుంపుకట్టిన నీళ్లలోంచి బంక తీస్తే అది 2 మైక్రాన్ల భాగం కానే కాదు, ఏ సైజు గుంపులోనైనా ఏ ఖనిజమైనా ఇరుక్కుని ఉంటుంది.

ఆగాల్సిన సమయం స్టోక్స్ సూత్రం చెబుతుంది. పుస్తకాల్లో పట్టిక సాధారణంగా 20 డిగ్రీల నీళ్లకు ఉంటుంది: 2 మైక్రాన్ల గింజ 10 సెంటీమీటర్లు దిగడానికి 7 గంటల 44 నిమిషాలు. మా గదిలో నీళ్లు 28 డిగ్రీలు. వేడినీరు పలచన కాబట్టి గింజలు తొందరగా దిగుతాయి, 6 గంటల 26 నిమిషాలు చాలు. పట్టికను గుడ్డిగా పాటించి ఎక్కువసేపు ఆగితే తీసే భాగం 1.8 మైక్రాన్ల దగ్గర తెగుతుంది. అది ఘోరమేమీ కాదు కానీ ఒక నమూనాను పొద్దునా ఇంకోదాన్ని మధ్యాహ్నమూ చేసి పోల్చేవాళ్లకు తేడా వస్తుంది. జాడీని ఎండ పడే కిటికీ దగ్గర పెట్టడం మాత్రం నిజంగా తప్పు. ఒకవైపు వేడెక్కితే నీరు లోపల తిరుగుతుంది, దిగాల్సిన గింజలు పైకి లేస్తాయి. సమయం కాగానే పై 10 సెంటీమీటర్ల నీటిని సైఫన్ గొట్టంతో లాగాం. గొట్టం కొన పైకి వంగి ఉండాలి, లేకపోతే అడుగు మట్టి కూడా వచ్చేస్తుంది.

మంగళవారం, బుధవారం: మెగ్నీషియం, పొటాషియం, పలకలు

లాగిన బంకను రెండు గొట్టాల్లో పోశాం. ఒకదానికి ఒక మోలార్ మెగ్నీషియం క్లోరైడ్, ఇంకోదానికి ఒక మోలార్ పొటాషియం క్లోరైడ్. కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనీరు పారబోసి, మళ్లీ కొత్త ద్రావణం. ఇలా మూడుసార్లు, తర్వాత సిల్వర్ నైట్రేట్‌కు మసక రానంతవరకు నీటితో కడగడం. ఈ శ్రమ ఎందుకంటే, ఉబ్బే బంక ఏ అయాన్ పట్టుకుని ఉందో దాన్ని బట్టి దాని పీక్ స్థానం మారిపోతుంది. సోడియం పట్టుకున్న స్మెక్టైట్ 12.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, మెగ్నీషియం పట్టుకున్నది 14 నుంచి 15 దగ్గర ఉంటుంది. పైగా వానాకాలపు తేమగాలికి అవి ఇంకా కదులుతాయి. అందర్నీ ఒకే అయాన్‌కు తెస్తేనే పోలిక కుదురుతుంది.

పలక తయారీలో బంకనీటిని డ్రాపర్‌తో గాజు మీద పోసి ఆరనివ్వడం తేలిక దారి, కానీ ఆరేలోగా ముతక రేకులు ముందు దిగి సన్నవి పైన కూర్చుంటాయి. ఎక్స్‌రే పైపొరనే ఎక్కువ చూస్తుంది కాబట్టి సన్నగా ఉండే స్మెక్టైట్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మా ప్రశ్న స్మెక్టైట్ గురించే కాబట్టి ఆ దారి మానేశాం. 0.45 మైక్రాన్ల మెంబ్రేన్ ఫిల్టర్ మీద వాక్యూమ్‌తో వడగట్టి, తడిగా ఉండగానే బంకవైపు కిందికి వచ్చేలా పలక మీద బోర్లించి, ఫిల్టర్‌ను మెల్లగా ఒలిచేయాలి. ఎక్కువ మందం పోస్తే ఆరాక అప్పడంలా లేచి చిట్లుతుంది.

పొటాషియం పలకను కాల్చాలి కాబట్టి దాన్ని మామూలు మైక్రోస్కోప్ గాజు మీద కాక సన్నటి పింగాణీ పలక మీద చేశాం. మామూలు గాజు 550 డిగ్రీల దగ్గర మెత్తబడి మధ్యలో కుంగుతుంది. పగలదు, విరగదు, చూస్తే బాగానే ఉంటుంది, పీకులు మాత్రం అన్నీ పక్కకు జరుగుతాయి.

బంక స్కాన్ 3 నుంచి 30 డిగ్రీల వరకు. ఇంత చిన్న కోణాల్లో ఎక్స్‌రే నమూనా మీద పొడవుగా సాగిపోతుంది. అర డిగ్రీ స్లిట్‌తో 5 డిగ్రీల 2θ దగ్గర ఆ పొడవు 48 మిల్లీమీటర్లు, మా పలక మీద బంక ఉన్నది 25 మిల్లీమీటర్లే. మిగతా ఎక్స్‌రే అంచుల్లో వృథా, స్మెక్టైట్ పీక్ రావలసిన చోటే బలం సగానికి పడిపోతుంది. పావు డిగ్రీ స్లిట్ వేస్తే 24 మిల్లీమీటర్లు, సరిపోయింది.

శుక్రవారం: కదిలించి చూడటం

మెగ్నీషియం పలకను ముందు ఆరినట్టే స్కాన్ చేసి, తర్వాత అడుగున ఇథిలీన్ గ్లైకాల్ పోసిన డెసికేటర్‌లో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాం. బయటికి తీశాక గంటలోపు స్కాన్ అయిపోవాలి. గ్లైకాల్ ఆరిపోతే ఉబ్బింది మళ్లీ కుంగుతుంది, స్మెక్టైట్ లేదన్న తప్పు తీర్పు వస్తుంది. పొటాషియం పలకను గదివేడిలో, తర్వాత 300 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చి, ఆపైన 550 దగ్గర రెండు గంటలు కాల్చి స్కాన్ చేశాం. కాల్చిన పలక చల్లారేటప్పుడు గాలిలో తేమ పీలుస్తుంది, అందుకే సిలికా జెల్ ఉన్న పెట్టెలోనే చల్లార్చాలి.

తెల్లపొర బంకలో కనిపించినది, ఆంగ్‌స్ట్రామ్‌లలో:

| పలక | 14 ఆంగ్‌స్ట్రామ్‌ల ఖనిజం | కెయొలినైట్ | గిబ్‌సైట్ |
|---|---|---|---|
| మెగ్నీషియం, ఆరినది | 14.2 | 7.16 | 4.85 |
| మెగ్నీషియం, గ్లైకాల్ | 14.2 | 7.16 | 4.85 |
| పొటాషియం, ఆరినది | 13.9, కుడివైపు తోక | 7.16 | 4.85 |
| పొటాషియం, 300 | 12.3, వెడల్పు | 7.16 | లేదు |
| పొటాషియం, 550 | 10.8, వెడల్పు | లేదు | లేదు |

గ్లైకాల్ వరుసతో స్మెక్టైట్ పోయింది. అది ఉంటే 17 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, అంటే 5.2 డిగ్రీల దగ్గర పీక్ లేవాలి. రెండు స్కాన్‌లనూ ఒకదాని మీద ఒకటి వేసి చూసినా అక్కడ భుజం కూడా లేదు.

550 వరుసతో క్లోరైట్ పోయింది. ఇక్కడ ఒక వాదన తరచూ వింటుంటాం: 550 దగ్గర 7.16 మాయమైంది కాబట్టి అది కెయొలినైటే, క్లోరైట్ కాదు అని. అది పూర్తిగా సరికాదు, క్లోరైట్ 7 ఆంగ్‌స్ట్రామ్‌ల పీక్ కూడా ఆ వేడికి బాగా బలహీనపడుతుంది. నిలిచే సాక్ష్యం 14 దగ్గర ఉంది. క్లోరైట్ అయితే 550 తర్వాత 14 పీక్ పోకపోగా ఇంకా బలపడుతుంది. మాది కూలిపోయింది. దీనికి తోడు ఆరిన స్కాన్‌లో 24.85 దగ్గర ఒక్క పీకే ఉంది. క్లోరైట్ తోడుంటే 25.1 దగ్గర దాని జత కనిపించేది.

మామూలు వెర్మికులైట్ అయితే పొటాషియం పడగానే, గదివేడిలోనే, 10 ఆంగ్‌స్ట్రామ్‌లకు ముడుచుకోవాలి. ఇది ముడుచుకోలేదు. 300కు సగం, 550కి ముప్పాతిక దిగి ఆగింది. పొరల మధ్య ఏదో ముక్క అడ్డుపెట్టి ఉంటేనే ఇలా మెల్లగా, ముక్కలుగా దిగుతుంది. ఆ అడ్డం అల్యూమినియం హైడ్రాక్సైడ్. ఆమ్లగుణం ఉన్న, బాగా కడిగిపోయిన ఎర్రనేలల్లో బయొటైట్ కుళ్లి వెర్మికులైట్ అయ్యే దారిలో ఇది తరచూ ఏర్పడుతుంది. అది ఉబ్బదు.

గిబ్‌సైట్ 300కు మాయం కావడం దాని గుర్తింపును ఖాయం చేసింది. 7.16 పీక్ వెనుక హాల్లోయ్‌సైట్ దాక్కుందేమో చూడటానికి తడిగా దాచిన ముద్దతో చేసిన పలకను ఆరకముందే స్కాన్ చేశాం, 10 దగ్గర ఏమీ లేదు. ఆరిన పలక మీద ఫార్మమైడ్ చల్లి అరగంటలోపు మళ్లీ చూసినా 7.16 కదల్లేదు. ఫార్మమైడ్ విషం, గర్భిణులు ఆ గదిలో ఉండకూడదు, మిగతావాళ్లు తొడుగులు వేసుకుని ఫ్యూమ్‌హుడ్ కిందే పని చేయాలి.

శనివారం: పగుళ్ల బంక

గోధుమరంగు బంక మొదటి స్కాన్‌లో నేలగీత కొండలా లేచింది, బంక పీకులన్నీ దాని కింద. ఇనుము తీయక తప్పలేదు. సోడియం సిట్రేట్, బైకార్బొనేట్ ద్రావణంలో బంక కలిపి 80 డిగ్రీలకు వేడిచేసి, సోడియం డైథయొనైట్ కొద్దికొద్దిగా వేస్తే గోధుమరంగు బూడిదరంగులోకి దిగుతుంది. కొలతలు: 0.3 మోలార్ సిట్రేట్ 40 మిల్లీలీటర్లు, ఒక మోలార్ బైకార్బొనేట్ 5 మిల్లీలీటర్లు, డైథయొనైట్ ఒక గ్రాము. 80 దాటనిస్తే గంధకం విడిపోయి అడుగున చేరుతుంది, దాని పీకులు కొత్త ఖనిజంలా కనిపిస్తాయి. ఇది చేసిన బంకలో గోథైట్ గురించి ఇక ఏమీ చెప్పలేం, దాన్ని మనమే కరిగించేశాం. అందుకే చికిత్సకు ముందు స్కాన్‌ను దాచి ఉంచాలి.

ఇనుము పోయాక మెగ్నీషియం పలకలో 14.7 దగ్గర వెడల్పు పీక్. గ్లైకాల్ తర్వాత అందులో ఎక్కువభాగం 17కు జరిగింది, కొంత 14.2 దగ్గరే ఉండిపోయింది. పొటాషియంతో 550కి కాల్చితే 17 భాగం 10కి దిగింది. పగుళ్లలో స్మెక్టైట్ ఉంది, తెల్లపొరలో లేదు.

తెల్లపొర కాగితంలో రాసినది ఇంతే: కెయొలినైట్ ఎక్కువ, క్వార్ట్జ్ మధ్యస్థం, సిల్లిమనైట్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, గిబ్‌సైట్, గోథైట్, హైడ్రాక్సీ అడ్డం ఉన్న వెర్మికులైట్ కొద్ది, స్మెక్టైట్ కనిపించలేదు. ఈ చివరి మాట పక్కన, బంకభాగంలో రెండు మూడు శాతం లోపు ఉంటే ఈ పద్ధతికి దొరకదని, స్ఫటికం కాని పదార్థం ఎంతున్నా పీక్ ఇవ్వదని కూడా రాశాం. పగుళ్ల బంక ఒక్క సంచే తీశాం కాబట్టి దాన్ని కోత మొత్తానికి అంటగట్టలేం. వచ్చేసారి కోత ఎత్తులో మూడు చోట్ల, పగులు మందం కొలిచి, విడివిడిగా తీయాలి. వాటికి గ్లైకాల్ స్కాన్ ముందు చేస్తాం, పొడి స్కాన్ తర్వాత.